రేకు మీది ముగ్గును గీస్తున్నది ఎవరు?

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఊరి నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. ఉత్తరాయణ్ నాడు ఊరంతా మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తుంటే, తెలుగువారి వాకిళ్లలో సంక్రాంతి ముగ్గు ఉంటుంది. దీపావళికి గుజరాతీల గుమ్మాల ముందు రంగుల రంగోళీ ఉంటుంది. అలాంటి చోట కళనూ భౌతికశాస్త్రాన్నీ కలిపి ప్రాజెక్టు చేయమంటే పిల్లలకు ముందు తట్టేది ముగ్గే. వజ్రాలకు సానపట్టే ఊరు కనుక కాంతి మీద కూడా మంచి ప్రాజెక్టులు చేయవచ్చు. కానీ ఇక్కడ ధ్వని గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే ముగ్గునూ ధ్వనినీ కలిపే చోట ఒక మంచి ప్రయోగం ఉంది, దాన్ని అంటిపెట్టుకుని ఒక తప్పుడు మాట కూడా ఉంది.

ప్రయోగం పాతదే. జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ క్లాడ్నీ 1787లో అచ్చువేసిన పుస్తకంలో దాని బొమ్మలున్నాయి. పలుచని లోహపు రేకు మీద ఇసుక చల్లి, అంచును వయొలిన్ కమానుతో రాస్తే ఇసుక కదిలి గీతలుగా ఏర్పడుతుంది. ఈ రోజుల్లో కమాను అక్కర్లేదు. 24 సెంటీమీటర్ల చదరపు అల్యూమినియం రేకు, మందం ఒక మిల్లీమీటరు, తీసుకుని దాని నట్టనడుమ రంధ్రం చేయాలి. స్పీకరు మధ్యలో అతికించిన చిన్న కడ్డీకి రేకును మరతో బిగించాలి. ఫోన్‌లో స్వరం పుట్టించే యాప్‌ను యాంప్లిఫయర్ ద్వారా స్పీకరుకు కలిపి, పౌనఃపున్యాన్ని 100 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. చాలాసేపు ఏమీ జరగదు. రేకు సహజ పౌనఃపున్యం ఒకటి తగలగానే చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, ఇసుక పరుగెత్తి ఒక బొమ్మ కడుతుంది. రేకు పైకీ కిందికీ ఊగే చోట ఇసుక నిలవదు. ఊగని గీతల మీదికి చేరి అక్కడ ఆగుతుంది. సూరత్ పిల్లలైతే డుమాస్ తీరంలోని నల్ల ఇసుక గుప్పెడు తెచ్చుకోవచ్చు, తెల్లని రేకు మీద బాగా కనిపిస్తుంది.

ఇక తప్పుడు మాట. 'ఓంకారం పలికితే రేకు మీద శ్రీచక్రం వస్తుంది, మన ముగ్గులు ఇలా ధ్వని నుంచి పుట్టినవే' అనే వాక్యం వీడియోల్లో తిరుగుతూ ఉంటుంది. అక్కడి నుంచి అది ప్రాజెక్టు చార్టు మీదికి ఎక్కుతుంది. దాన్ని చూసి చిరునవ్వుతో దాటిపోవడమో, సంస్కృతి అని మార్కులు వేయడమో సరికాదని నా అభిప్రాయం. భక్తితో దీనికి తగవు లేదు. పరీక్షించదగిన వాక్యాన్ని పిల్లలు రాశారు కాబట్టి వాళ్ల చేతే పరీక్ష చేయించాలి.

పరీక్షకు కావలసింది ఒకే మందం ఉన్న మూడు రేకులు: ఒకటి చదరం, ఒకటి గుండ్రం, ఒకటి త్రిభుజం. బొమ్మ ధ్వనిలోనే దాగి ఉంటే, ఒకే స్వరానికి మూడింటి మీదా ఒకే బొమ్మ రావాలి. రాదు. చాలాసార్లు ఒక రేకు స్పందించే స్వరానికి మరొకటి ఊరుకుంటుంది. నడుమ బిగించిన గుండ్రటి రేకు మీద, అన్నీ సరిగ్గా అమరితే, ఒకదానిలో ఒకటిగా వలయాలు మాత్రమే వస్తాయి. కేంద్రం నుంచి చూస్తే ఆ రేకుకు అన్ని దిక్కులూ ఒకటే కనుక, ఒక దిక్కును ఎంచుకుని గీత గీయడానికి దానికి కారణమే లేదు. ఇక త్రిభుజాలు ఎక్కడి నుంచి వస్తాయి? మనిషి గొంతులో మూల స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతల స్వరాలు కూడా ఉంటాయి. వాటిలో తనకు సరిపడిన దానికి రేకు ఊగుతుంది, అంతే. పలికిన మాట అర్థం దానికి తెలియదు.

పరిమాణంతోనూ ఇదే తేలుతుంది. 24 సెంటీమీటర్ల రేకు మీద ఒక బొమ్మ 800 హెర్ట్జ్ దగ్గర వచ్చిందనుకుందాం. అదే మందంతో 12 సెంటీమీటర్ల రేకు తీసుకుంటే ఆ బొమ్మే 3200 హెర్ట్జ్ దగ్గర్లో రావాలి. భుజం సగమైతే పౌనఃపున్యం నాలుగింతలవుతుంది. కడ్డీ, మర బరువు వల్ల లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఎంత రావాలో ముందే నోటుపుస్తకంలో రాసుకుని ఆ తర్వాత స్పీకరు వేసిన జట్టుకే నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను. ఆ ఎత్తు స్వరాలు చెవికి కష్టం కాబట్టి చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవాలి.

ఈ ప్రయోగంలో మన వంటింటి సరుకు పెట్టే పేచీ ఒకటుంది. ముగ్గు కదా అని పిల్లలు బియ్యప్పిండి తెచ్చి చల్లుతారు. అది గీతల మీదికి పోదు. సరిగ్గా రేకు బాగా ఊగే చోట్లనే చిన్న కుప్పలుగా చేరి సుడులు తిరుగుతుంది. ప్రయోగం చెడిందని పారేస్తారు కానీ, అది 1831లో మైకేల్ ఫారడే ఛేదించిన చిక్కుముడి. ఊగే రేకు తనపైనున్న గాలిని కూడా కదిలిస్తుంది. ఆ గాలి రేకును ఆనుకుని ఊగే చోటుకు పారి, అక్కడ పైకి లేస్తుంది. ఇసుక రేణువు బరువైనది, గాలిని లెక్కచేయదు. పిండి దానితో కొట్టుకుపోతుంది. గాలి తీసేసిన పాత్రలో పెడితే సన్నని పొడి కూడా ఇసుకలాగే నడుచుకోవడం ఫారడే చూశాడు. బడిలో గాలి తీసే పంపు ఉండకపోవచ్చు, కానీ నల్ల ఇసుకనూ తెల్ల పిండినీ కలిపి చల్లితే రెండూ విడిపోయి నలుపు గీతలుగా, తెలుపు కుప్పలుగా నిలుస్తాయి. సముద్రపు ఊరి తేమకు పిండి ఉండలు కడుతుంది. ముందు పెనం మీద కాస్త వేడిచేయాలి.

మరి ముగ్గుకూ రేకు బొమ్మకూ పోలికే లేదా? ఉంది. ఆ పోలిక ఎక్కడ ఆగిపోతుందో చూడటమే నాకు ఎక్కువ ఆసక్తి. చదరపు రేకును సరిగ్గా నడుమ పట్టుకుని ఊపితే వచ్చే బొమ్మకు చదరానికున్న సౌష్ఠవమంతా ఉంటుంది. పావు వంతు తిప్పినా అదే బొమ్మ, అద్దంలో చూసినా అదే బొమ్మ. బొమ్మ ఒక పక్కకు ఒరిగిందంటే మర నడుమ లేదని, లేదా రేకు మందం అంతటా ఒకటి కాదని అర్థం. మెలికల ముగ్గుల్లో మాత్రం గాలిమరలా ఒకే వైపు తిరిగేవి ఎన్నో ఉన్నాయి. వాటిని పావు వంతు తిప్పితే అదే ముగ్గు, అద్దంలో చూస్తే తిరుగుడు మారిపోయిన వేరే ముగ్గు. అలాంటిది మామూలు చదరపు రేకు గీయలేదు. ధ్వని ఎంత మార్చినా గీయలేదు. దాన్ని వేసేది చెయ్యి.

రేకు చేత కూడా వేయించవచ్చేమో చూడాలనుకునే వారికి ఒక దారి ఉంది. రేకు నాలుగు అంచుల్లోనూ, ఒక్కో మూల నుంచి ఒకే కొలత దూరంలో, ఒకే వైపు వాలుగా చిన్న గాట్లు కోయాలి. అప్పుడు రేకుకు తిరుగుడు సౌష్ఠవం మిగులుతుంది, అద్దపు సౌష్ఠవం పోతుంది. గాట్లకు ముందు తీసిన ఫొటో, తర్వాతి ఫొటో పక్కపక్కన పెడితే గీతలు ఒక వైపుకు మెలితిరగడం కనిపించాలి. గాటు ఎంత లోతు కోస్తే ఆ మెలిక కంటికి ఆనుతుందన్నది కొలిచి చెప్పవలసిన సంగతి.