ఎక్కువైన విటమిన్లన్నీ మూత్రంలో పోవు

సంపాదకులకు,

‘విటమిన్లు ఎక్కువైనా ఒంటికి పట్టవు, మూత్రంలో పోతాయి’ అన్న మీ వ్యాసకర్త మాట సగమే నిజం. బి-కాంప్లెక్స్ వేసుకున్న పూట మూత్రం పచ్చగా రావడం అందరూ చూసిందే. నీటిలో కరిగే బి2ను కిడ్నీలు అలా బయటికి పంపేస్తాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరుగుతాయి. వాటిలో ఎ కాలేయంలో, డి కొవ్వులో నిల్వ ఉండిపోతాయి.

మందుల షాపులో నేను ఎక్కువగా చూసే పొరపాటు డి విటమిన్‌తోనే. 60,000 యూనిట్ల గుళిక వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలే వాడాలి. ఒక పెద్దావిడ దాన్ని బీపీ మాత్రలా రోజూ వేసుకున్నారు, పైగా కాల్షియం మాత్ర కూడా. డాక్టరు పర్యవేక్షణ లేకుండా పెద్దవాళ్లు తీసుకోదగ్గ గరిష్ఠ మోతాదు రోజుకు 4,000 యూనిట్లు. అంటే ఆవిడ వేసుకున్నది దానికి పదిహేను రెట్లు! మలబద్ధకానికీ వాంతులకూ మందు కావాలని వచ్చారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం అని కూడా చెప్పేసరికి అనుమానమొచ్చి డాక్టరు దగ్గరికి పంపాను. రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయింది, క్రియాటినిన్ కూడా పెరిగింది. గుళికలు ఆపినా, కొవ్వులోని నిల్వ తరిగేదాకా నెలల తరబడి పరీక్షలు తప్పవు.

నీటిలో కరిగేవన్నీ నిరపాయమనీ కాదు. బి6ను పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరికే మళ్లీ బి6 ఉన్న ‘నరాల మాత్ర’ అడిగేవాళ్లున్నారు.

— ఒక ఫార్మసిస్టు, తెనాలి