సారాంశం కాదు, సిఫార్సు రాయండి

పాలసీ బ్రీఫ్ రాయమంటే మనలో చాలామంది చేసేది ఒకటే. జర్నల్ వ్యాసాన్ని కుదించి, చివర్లో ‘ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి’ అని తగిలిస్తాం. దాంతో అధికారికి పని జరగదు. ఆ ఫైలు మీద తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంటుంది. రెండు పేజీల్లో దానికి జవాబు కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లను బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులతో చెల్లించినప్పుడు ఏం జరిగిందో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ పరిశీలించారు. 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఆ వ్యాసం వచ్చింది. 157 మండలాల్లో లాటరీ పద్ధతిన కొన్నింటికి ముందు కార్డులిచ్చి, మిగతావాటితో పోల్చారు. బ్రీఫ్‌లో పద్ధతి గురించి ఈ ఒక్క వాక్యం చాలు. రిగ్రెషన్ పట్టికలు అక్కర్లేదు.

ఇక అంకెల దగ్గర జాగ్రత్త. ఉపాధి హామీలో లీకేజీ 41 శాతం తగ్గిందని వ్యాసం చెబుతుంది. అది చదివి ‘వందలో 41 రూపాయలు మిగిలాయి’ అని రాస్తే తప్పు. పాత పద్ధతి ఉన్న మండలాల్లో వందకు దాదాపు 31 రూపాయలు కూలీలకు చేరలేదు. కార్డులు వచ్చాక అది సుమారు 13 రూపాయలు తగ్గింది. ఈ తగ్గుదలే ఆ 41 శాతం. అధికారికి రూపాయల్లో చెబితేనే సూటిగా అర్థమవుతుంది.

అసలు పరీక్ష సిఫార్సు దగ్గర. ‘అన్ని పథకాలకూ వేలిముద్ర తప్పనిసరి చేయాలి’ అని రాయాలనిపిస్తుంది. కానీ వ్యాసం ఆ మాట చెప్పలేదు. రెండేళ్ల తర్వాత కూడా ఆ మండలాల్లో సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. కార్డు లేనివారికి డబ్బు ఆపలేదు. ఝార్ఖండ్ రేషన్‌లో వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఫలితం వేరుగా వచ్చింది. లీకేజీ తగ్గలేదు సరికదా, ముందుగా ఆధార్ లింక్ కాని కుటుంబాలకు అందే లబ్ధి పదో వంతు తగ్గింది.

కాబట్టి బ్రీఫ్ మొదటి పేరాలోనే ఇలా ఉండాలి: ‘ఉపాధి కూలిని దశలవారీగా బయోమెట్రిక్ చెల్లింపులోకి మార్చాలి. వేలిముద్ర పడనివారికి, కార్డు అందనివారికి పాత పద్ధతి కొనసాగించాలి. ఎవరి కూలి ఆగిందో జిల్లా అధికారి నెలనెలా కూలీలనే అడిగి తెలుసుకోవాలి.’ ఎవరు, ఏమిటి, ఎప్పుడు అన్నవి మూడూ అందులో ఉన్నాయి.

రాశాక ప్రతి సిఫార్సు పక్కనా ‘దీనికి ఆధారం వ్యాసంలో ఏ పేజీలో ఉంది?’ అని పెన్సిల్‌తో రాసుకోండి. పేజీ దొరకకపోతే మరో ఆధారం చూపండి, లేదంటే ఆ వాక్యం కొట్టేయండి. ఆ వాక్యాన్ని నమ్మి సంతకం పెడితే ఆగేది ఎవరో కూలీ డబ్బు.