అత్తగారు అలిగిన వేళ

తోటి పనివానికి వీడ్కోలు చెప్పవలసి వచ్చినప్పుడు మనలో పెక్కుమంది రెండు దారులలో ఏదో ఒకటి పడతారు. కొందరు "స్నేహశీలి, సద్గుణసంపన్నుడు" అంటూ ఎవరికైనా సరిపోయే మాటలు నాలుగు చెప్పి కూర్చుంటారు. మరికొందరు తమకు మాత్రమే తెలిసిన ఛలోక్తులు విసురుతారు. అప్పుడు ముందు వరుసలోని నలుగురు పగలబడి నవ్వుతారు. వెనుక ఉన్న నలభైమంది ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు. ఈ రెండింటికీ నడుమ మరొక దారి ఉన్నది. మా డిండోలిలో ఇటీవల జరిగిన ఒక వీడ్కోలును ఉదాహరణగా తీసుకుని దానిని వివరిస్తాను.

డిండోలి సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో, ఉధనా స్టేషనుకు దగ్గరలో ఉన్నది. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ చుట్టుప్రక్కల చాలా ఉన్నాయి. మగవారిలో అనేకులు మరమగ్గాల షెడ్లలో పనిచేస్తారు. సిరిసిల్లవారి వాడుకలో వీటిని సాంచాలు అంటారు. నేనూ, నేను "బావా" అని పిలిచే నా మిత్రుడూ పదకొండు సంవత్సరాలు ఒకే షెడ్డులో, ఎదురెదురు వరుసలలో పనిచేశాము. మధ్యాహ్నం అన్నం డబ్బాలు ఒకే చోట విప్పేవాళ్ళం.

మాది తీరికగా కూర్చుని తినే భోజనం కాదు. కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది గనుక మేము తింటున్నా సాంచాలు ఆడుతూనే ఉండాలి. అందువల్ల రెండు వరుసలూ కనబడే మూల చూసుకుని, కళ్ళు మగ్గాల మీద పెట్టి, చేయి డబ్బాలో పెట్టేవాళ్ళం. నాడె మగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. అంత రొదలో నోటిమాట ప్రక్కవానికి కూడా చేరదు. పెదవుల కదలికనూ, చేతి సైగలనూ బట్టి మాట్లాడుకోవలసిందే. కనుక మా హాస్యమంతా సైగలలోనే పుట్టింది.

వాటిలో ముఖ్యమైనది "అత్తగారు". మా ఏడవ నంబరు సాంచాకు బావ పెట్టిన పేరది. సాధారణ మరమగ్గంలో పేక నూలు తెగినా, కండె అయిపోయినా, ఆ నూలు ఉన్నదో లేదో కనిపెట్టే చిన్న ఫోర్కు మగ్గాన్ని వెంటనే ఆపేస్తుంది. అన్ని మగ్గాలూ అరుస్తుండగా ఒకటి మాత్రం మౌనం వహిస్తుంది. మేము మొదటి ముద్ద నోట పెట్టబోయే సమయానికే ఏడవ నంబరు ఆగిపోయేది. "అత్తగారు అరవదు బావా, అలుగుతది" అని బావ సూత్రీకరించాడు. చెంగు నెత్తిన కప్పుకుని మొగం ప్రక్కకు తిప్పుకున్నట్లు సైగ చేసేవాడు. ఎవరి వంతు అయితే వారు ఎంగిలి చేయి కడుక్కుని బుజ్జగించడానికి వెళ్ళేవారు.

రెండవది "పాయసం". షెడ్డు లెక్కలు వ్రాసే గుజరాతీ పెద్దాయన తన డబ్బాలోని పప్పు రోజూ మాకు గిన్నెడు ఇచ్చేవారు. గుజరాతీ పప్పులో బెల్లం పడుతుంది. పచ్చిపులుసుకు అలవాటుపడిన నాలుకతో బావ మొదటిరోజు రుచి చూసి, "భోజనానికి ముందే పాయసం పెట్టే మర్యాద ఇక్కడే చూసిన" అన్నాడు. ఆనాటి నుండి అది పాయసమే.

2017లో వరంగల్లు దగ్గర శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా జౌళి పార్కులోని ఒక మిల్లులో బావకు పని దొరికింది. కుటుంబంతో సహా స్వస్థలానికి వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్నాడు. వీడ్కోలునాడు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. వినేవారిలో మా తెలుగువారే కాక, గంజాం నుండి వచ్చిన ఒరియా కార్మికులు, గుజరాతీ లెక్కల పెద్దాయన, ఎన్నడూ షెడ్డులో అడుగుపెట్టని బావ భార్యాపిల్లలు ఉంటారు. హిందీలో చెప్పాలి.

ముందు మా ఛలోక్తులన్నీ ఒక కాగితం మీద వ్రాసుకున్నాను. తరువాత కొన్ని కొట్టివేశాను. పడుగులో పోగు తెగిందని నేను సైగ చేసినప్పుడల్లా బావ తన చెవి పట్టుకుని "చెవిపోగా?" అని అడిగేవాడు. పదకొండేళ్ళు నవ్వుకున్న మాట అది. కాని దాని ప్రాణమంతా తెలుగు మాటలోనే ఉన్నది. హిందీలోకి రాగానే చచ్చిపోతుంది. మాట మీద ఆధారపడిన హాస్యం భాష దాటదు. సన్నివేశం మీద ఆధారపడినది దాటుతుంది. అలిగే అత్తగారు ఒరియా ఇంట్లోనూ ఉంటుంది.

ఇంకొక రకాన్ని మరింత జాగ్రత్తగా ఏరివేయవలసి వచ్చింది. ఇన్నేళ్ళ చప్పుడుకు బావకు కుడి చెవి దాదాపు వినబడదు. ఒక మాటను మరొకటిగా విని ఆయన చెప్పిన జవాబులకు మేమిద్దరం కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. కాని ఆ నవ్వు ఆయన నాతో పంచుకున్నది, సభకు ఇచ్చింది కాదు. ఒక ఛలోక్తి చెప్పవచ్చునో లేదో తెలియకపోతే, ఆ మనిషి తన బిడ్డల ఎదుట తానే దానిని చెప్పుకుంటాడా అని ఆలోచించాలి. చెప్పుకోడనిపిస్తే వదిలివేయాలి.

మిగిలినవి రెండే. వాటిని షెడ్డు ఎరుగని మా అబ్బాయికి ముందు రోజు చెప్పి చూశాను. అత్తగారి మాటకు వాడు నవ్వలేదు. మగ్గం ఎందుకు ఆగుతుందో వానికి తెలియదు మరి. "నూలు తెగితే మగ్గం తనంత తానే ఆగిపోతుంది, ఆగినంతసేపూ కూలి పోతుంది" అన్న వాక్యాన్ని ముందు చేర్చి మళ్ళీ చెప్పాను. ఈసారి నవ్వాడు. వివరణ ఎప్పుడూ హాస్యానికి ముందే రావాలి, అదీ ఒక్క వాక్యంలో. నవ్వు రాలేదని తరువాత విడమరచి చెప్పబోతే, చల్లారిన అన్నాన్ని విసనకర్రతో విసరినట్లుంటుంది.

పాయసం సంగతిలో చిక్కు వేరు. ఇచ్చినాయన ఎదుటనే కూర్చుని ఉంటారు, వెక్కిరింతగా వినబడకూడదు. కనుక కథను చివరివరకూ చెప్పాను. మొదటి నెల మొగం చిట్లించిన బావ రెండవ ఏట గిన్నె ముందుకు జరిపి రెండవ గరిటె అడిగేవాడని, పెద్దాయన సెలవుపెట్టిన రోజున "ఇయ్యాల పాయసం లేదా?" అని దిగులుపడేవాడని చెప్పాను. అందరికంటె ముందు ఆ పెద్దాయనే నవ్వారు.

అత్తగారిని మూడుసార్లు తెచ్చాను. మొదట ఆ పేరు ఎలా పుట్టిందో చెప్పాను. రెండవసారి, బావకు జ్వరం వచ్చిన వారంలో ఏడవ నంబరు ఒక్క మధ్యాహ్నం కూడా ఆగలేదని, అల్లుడు లేని ఇంట్లో అత్తగారికి అలక దేనికని అన్నాను. అప్పటికి సభ అంతా మా భోజనాల మూలకు వచ్చి కూర్చున్నట్లయింది. మూడవసారికి వివరణ అవసరం లేదు.

అసలు కష్టం అక్కడే ఉన్నది. నేను నోటితో చెప్పేది ఎవరికి చెప్పాలో ఆయనకే సగం వినబడదు. అందువల్ల చివరి మాటను మాట్లాడకుండా బావ వైపు తిరిగి నిలబడ్డాను. రేపటి తేదీని వేళ్ళతో చూపాను. భోజనం డబ్బా మూత తీసినట్లు చూపాను. తరువాత చెంగు నెత్తిన కప్పుకుని మొగం ప్రక్కకు తిప్పుకున్నాను.

ఒరియా కుర్రవాళ్ళు నవ్వారు. బావ చిన్నకూతురు నవ్వి, తండ్రి మొగం చూసి ఆగింది. రేపు అలిగేది ఏడవ నంబరు కాదని అందరికీ అర్థమయింది. బావ కళ్ళు తుడుచుకుని, ఎంగిలి చేయి కడుక్కుంటున్నట్లు రెండు చేతులూ రుద్దుకుని లేచాడు. బుజ్జగించడానికి వస్తున్నానని దాని అర్థం. ఆ వంతు ఆయనదే.