జయంతి కాస్తా వర్ధంతి అయినప్పుడు

ఆగస్టు 28 సాయంత్రం 29C బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చూస్తున్నాను. మన శాఖ గ్రూపులో మర్నాటి కార్యక్రమం పోస్టర్ వచ్చింది. లేత గోధుమరంగు నేపథ్యం, కింద తాటాకుల బొమ్మ, పైన పెద్ద అక్షరాలతో ‘గిడుగు వెంకట రామమూర్తి వర్ధంతి’. అప్పటికే చాలామంది చప్పట్లు కొట్టేశారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, 1863లో. పోయింది 1940 జనవరి 22న. ఎవరి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నామో, ఆయనకే తెలుగు శాఖ తద్దినం పెట్టేసిందన్నమాట!

మార్చాల్సింది ఒక్క మాట. నాకు రెండున్నర గంటలు పట్టింది. తప్పు ఫోన్‌ది కాదు, మన అలవాటుది అని నా అభిప్రాయం. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోస్టర్ చేసిన అక్క దాన్ని కాన్వాలో చేసింది. అక్కడ అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, వేలితో తాకి మార్చుకోవచ్చు. మనకి పంపింది మాత్రం డౌన్‌లోడ్ చేసిన బొమ్మ. బొమ్మ అయ్యాక అందులో ‘వర్ధంతి’ అనే మాట ఉండదు, ఆ ఆకారంలో రంగు చుక్కలు మాత్రమే ఉంటాయి. సీసపు అక్షరాల కాలంలోనే నయం. ఇదే మద్రాసులో వావిళ్ల వారి లాంటి ప్రెస్సుల్లో ప్రూఫులో తప్పు దొరికితే ఆ ఒక్క అక్షరం పీకి ఇంకోటి పెట్టేవాళ్లు. అక్క ఏమో ఊరికి రైల్లో వెళ్తోంది, ఫోన్ తగల్లేదు.

ఇంటికొచ్చి మొదట నా ఫోన్‌లో ఎప్పటినుంచో ఉన్న ఒక ఫొటో యాప్‌లో ప్రయత్నించాను (పేరు అనవసరం). తప్పు మాట మీద ఒక రంగు పెట్టె పెట్టి, దాని మీద ‘జయంతి’ అని రాశాను. రెండూ కుదర్లేదు. గోధుమరంగు పైనుంచి కిందికి కొద్దికొద్దిగా ముదురుతోంది, నా పెట్టె అంతా ఒకే రంగు. గోడకి అతికించిన ప్లాస్టర్‌లా కనబడింది.

తర్వాత కాన్వా తెరిచి, ఆ బొమ్మనే పేజీ నిండా పెట్టాను. ఈసారి రంగు పెట్టె వాడలేదు. అదే బొమ్మకి ఇంకో కాపీ తీసి, రాత లేని ఖాళీ చోటు మాత్రం మిగిలేలా కత్తిరించి, ఆ ముక్కని తప్పు మాట మీదికి జరిపాను. కిటుకు ఏమిటంటే, ముక్కని అదే వరసలో పక్కనున్న ఖాళీ నుంచి తీసుకోవాలి. రంగు పైకీ కిందికీ మారుతోంది గానీ పక్కలకి మారట్లేదు కాబట్టి అది దాదాపు కలిసిపోతుంది. రెండు వేళ్లతో స్క్రీన్ పెద్దది చేసి చూస్తే గానీ అంచు తెలియదు.

ఇక అక్షరాలు. అక్క వాడిన ఫాంటు ఏదో నాకు తెలియదు. జాబితాలో నచ్చిన పేరల్లా నొక్కుతూ పోతే తెలుగు మారనే లేదు. దీనికి కారణం చాలామందికి తెలియదు: ఆ ఫాంట్లలో ఎక్కువ వాటిలో తెలుగు అక్షరాలే లేవు. అలాంటప్పుడు తెలుగుని వేరే ఏదో ఫాంటు తెచ్చి చూపిస్తారు. నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ‘స్త్రీ’ అని రాసి ఫాంటు మారుస్తాను. ఆకారం మారకపోతే ఆ ఫాంటులో తెలుగు లేనట్టే. మన కవుల పేర్లతో సూరన, పెద్దన, తిమ్మన అని మంచి తెలుగు ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతాయి, కానీ మన సొంత ఫాంటుని కాన్వాలోకి ఎక్కించాలంటే డబ్బు కట్టిన ఖాతా కావాలి. ఉన్నవాటితోనే సర్దుకోవాలి. కాబట్టి ఒక్క మాట మార్చడం మానేసి, శీర్షిక మొత్తం కప్పేసి కొత్తగా రాశాను. ఒక వరసలో ఒక మాట వేరే ఫాంటులో ఉంటే అతుకు అని తెలిసిపోతుంది. శీర్షిక అంతా వేరే ఫాంటులో ఉంటే కావాలనే అలా పెట్టారనుకుంటారు.

రాయడం కూడా అంత తేలిక కాదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. ఫోన్ దాన్ని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వెనక్కి చెరిపితే ఒక్కొక్క ముక్కే ఊడుతుంది, మధ్యలో వేలు పెట్టి దిద్దుదామంటే కుదరదు. ‘మూర్తి’తో అదే కుస్తీ పడి, చివరికి శీర్షిక అంతా నోట్స్‌లో రాసుకుని తెచ్చి అతికించాను.

అతికించగానే ‘మూర్తి’ కింది త వత్తు వెళ్లి రెండో వరసలోని ‘జయంతి’ నెత్తిన కూర్చుంది. నాన్న పక్కనుంచి చూసి, “మా తమిళానికి ఈ తొందర లేదే!” అన్నారు. (మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం, పోట్లాట మాత్రం రెండిట్లోనూ.) ఆయన అన్నది నిజమే. తమిళంలో ఒత్తులు దాదాపు లేవు, మెయ్యెళుత్తు మీద పుళ్ళి పెట్టి పక్క అక్షరానికి వెళ్లిపోతారు. మనది కిందికి దిగే లిపి. ఇంగ్లీషు కోసం తయారైన నమూనాల్లో వరసలు దగ్గరగా ఉంటాయి. Line spacing అనేచోట అంకె పెంచితే సరిపోతుంది, నేను 1.4 నుంచి మొదలుపెడతాను. దాని పక్కనే ఉండే Letter spacing మాత్రం సున్నా దగ్గరే ఉంచండి. ఇంగ్లీషులో అక్షరాలు ఎడంగా పెడితే అందం, మనకి వత్తు ఎక్కడ వచ్చి పడుతుందో చెప్పలేం.

“ఇంత గొడవెందుకే, ఇంగ్లీషులో పెట్టేస్తే పోలా?” అని గ్రూపులో ఒకమ్మాయి అడిగింది. పోదు. సరిచేసింది మొత్తం రెండు అంకెలు. దానికి భాష మార్చుకోవడం ఏమిటి, అదీ వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి పుట్టినరోజున?

కానీ ఎంత తంటాలు పడినా ఒకటి మాత్రం బాగుచేయలేకపోయాను. వాట్సాప్‌లో నాకు చేరిన బొమ్మ పొడవు 1600 పిక్సెల్స్. A3 కాగితం పొడవు పదహారున్నర అంగుళాలు. అంటే అంగుళానికి వంద చుక్కలు కూడా లేవు, మంచి ముద్రణకి మూడొందలు అడుగుతారు. ట్రిప్లికేన్‌లో ప్రింట్ తీయిస్తే నేను రాసిన శీర్షిక పదునుగా వచ్చింది, తాటాకులు, కింద అతిథి పేరు మసకగా వచ్చాయి. పోయిన చుక్కల్ని ఏ యాప్ తిరిగి తేలేదు.

అందుకే మన శాఖలో ఒక పద్ధతి పెట్టాలంటాను. పోస్టర్ చేసినవాళ్లు బొమ్మతోపాటు కాన్వా లింకు కూడా ఇవ్వాలి, Can edit అనుమతితో, గ్రూపంతటికీ కాదు, ఇద్దరికి చాలు. అందులో ఉన్న రాత అంతా మామూలు మెసేజ్‌గా ముందే పంపాలి, మేడమ్ ఒకసారి చదివాకే బొమ్మ చేయాలి. మెసేజ్‌లో ఉంటే మాటలే చదువుతాం. పోస్టర్‌లో ఉంటే రంగులు చూసి చప్పట్లు కొడతాం. ఆ రోజు కొట్టినవాళ్లలో తెలుగు రానివాళ్లు ఎవరూ లేరు. ప్రింటుకి పంపేటప్పుడు బొమ్మని ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేస్తే చుక్కలు పోవు. లింకే ఉండుంటే ఆ సాయంత్రం నేను బస్సులోనే, దిగేలోపు, జయంతి అని మార్చేసేదాన్ని.

అక్క మర్నాడు పొద్దున ఫోన్ చేసి లింకు పంపింది. అప్పటికే ప్రింట్ అయిపోయింది. ఆ పోస్టర్ ఇప్పటికీ మన మెట్ల పక్కన ఉంది. దగ్గరికెళ్లి చూస్తే ‘జయంతి’కి కుడివైపు గోధుమరంగు ఒక వెంట్రుకవాసి ముదురుగా కనబడుతుంది.