ఫాల్కన్ కేసు: మొదట్లో లాభం టైమ్‌కే వచ్చింది.. ఉచ్చు అదే!

హైదరాబాద్‌లో 2025 ఫిబ్రవరిలో బయటపడిన ఫాల్కన్ కేసులో ఎర చాలా సింపుల్. పెద్ద కంపెనీలు సరుకు తీసుకుని కొన్ని నెలలకు గానీ బిల్లు కట్టవు. ఆలోపు ఆ బిల్లు మీద డబ్బు పెడితే ఏడాదికి 11 నుంచి 22 శాతం లాభం అన్నారు. సైబరాబాద్ పోలీసులు చెప్పిన ప్రకారం బిల్లులే ఫేక్! దాదాపు 7 వేల మంది నుంచి రూ.1,700 కోట్లు వసూలు చేసి, కొత్తవాళ్ల డబ్బే పాతవాళ్లకు తిప్పారు. రూ.850 కోట్లు ఆగిపోయాయి.

రిటైరైనవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. పెట్టిన లక్ష టైమ్‌కి తిరిగొస్తే, పీఎఫ్ మొత్తం తెచ్చి పోస్తారు. కానీ లాభం వచ్చినంత మాత్రాన బిల్లు నిజమైపోదు. సరుకు కొన్న కంపెనీనే నేరుగా అడగాలి. అడగనివ్వకపోయినా, గడువు తీరాక "మళ్లీ పెట్టండి" అని ఒత్తిడి చేసినా అనుమానించాల్సిందే. ఫిర్యాదుకు ఆర్బీఐ పోర్టల్ sachet.rbi.org.in ఉంది.