శంషాబాద్ ఫీజు వెనక 48:52

శంషాబాద్‌లో విమానం ఎక్కేవారి టికెట్లో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని ఒక పద్దు కనిపిస్తుంది. అది ఎంత ఉండాలో తేల్చేది ఎయిర్‌పోర్ట్స్ ఎకనమిక్ రెగ్యులేటరీ అథారిటీ. విమానాశ్రయం ఆస్తుల విలువ మీద ఒక రాబడి రేటు కట్టి, దానికి తరుగుదల, నిర్వహణ ఖర్చు, ఆదాయపు పన్ను కలుపుతారు. దుకాణాలు, ప్రకటనల ఆదాయంలో కొంత మినహాయిస్తారు. మిగిలినది ప్రయాణికులు, విమానయాన సంస్థలు కట్టాలి. ఫీజు పెరిగినప్పుడల్లా గొడవంతా ఖర్చుల మీదే జరుగుతుంది. రాబడి రేటును, అంటే మూలధన సగటు వ్యయాన్ని, ఎవరూ విప్పి చూడరు.

2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా నడిచిన మూడో నియంత్రణ కాలానికి అథారిటీ 48 శాతం అప్పు, 52 శాతం ఈక్విటీ అన్న లక్ష్య నిష్పత్తిని పట్టుకుంది. కంపెనీ పుస్తకాల్లో ఉన్న అప్పును యథాతథంగా తీసుకోలేదు. నా దృష్టిలో అది సరైన పనే. విస్తరణ పనులప్పుడు అప్పు పేరుకుంటుంది, తర్వాత తీరుతూ పోతుంది. దాని వెంటే రేటునూ ఎత్తి దించితే ఈ ఏడాది ప్రయాణికుడికి ఒక ధర, మూడేళ్ల తర్వాతివాడికి మరో ధర అవుతుంది.

అయితే లక్ష్యాన్ని ఎంచుకున్నాక దాన్ని లెక్కలో ప్రతిచోటా వాడాలి. ఒక్కచోట వాడి వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం. ఇక్కడి అంకెలు నేను వేసుకున్నవి, అథారిటీవి కావు. రిస్కు లేని రేటు 7 శాతం, మార్కెట్ ప్రీమియం 7 శాతం, అప్పు మీద వడ్డీ 9 శాతం, పన్ను 25.17 శాతం. మన విమానాశ్రయాల్లో చాలావాటికి విడిగా షేరు ధర లేదు కాబట్టి ఆక్లండ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి లిస్టయిన విమానాశ్రయ కంపెనీల బీటాలు తెచ్చుకోవాలి. ఒక్కొక్కదాని నుంచి దాని అప్పు ప్రభావాన్ని తీసేయాలి. అలా మిగిలిన ఆస్తి బీటా 0.6 అనుకుందాం. దానికి మన నిష్పత్తిలోని అప్పును మళ్లీ ఎక్కించాలి:

βL = βU × [1 + (1 − t) × D/E]

48:52 దగ్గర అది 1.01 అవుతుంది. ఈక్విటీ వ్యయం 14.1 శాతం. పన్ను తర్వాతి వడ్డీ 6.73 శాతం. సగటు 10.57 శాతం.

ఇప్పుడు ఎవరో అప్పును 70 శాతానికి పెంచి, బీటాను ముట్టుకోకుండా వదిలేశారనుకోండి. సగటు 8.94కి జారిపోతుంది. అప్పు చవక, ఈక్విటీ ఖరీదు, కాబట్టి అప్పు పెంచితే లాభమే అన్న వాదన పుట్టేది ఇక్కడే. బీటాను మళ్లీ కడితే అది 1.65కు, ఈక్విటీ వ్యయం 18.5కు ఎక్కుతాయి. సగటు 10.27 దగ్గర ఆగుతుంది. ఒకటిన్నర పాయింట్లకు పైగా కనిపించిన ఆదాలో నిజంగా మిగిలింది 0.3. అంత అప్పు మోసే కంపెనీకి బ్యాంకు వడ్డీని 9.5 శాతం చేస్తే సగటు 10.54. ఆ 0.3 కూడా దాదాపు పోయినట్టే. అప్పుకు తనదైన రిస్కు లేదని ఈ సూత్రం అనుకుంటుంది కాబట్టి 70 శాతం దగ్గర అది ఈక్విటీ వ్యయాన్ని కాస్త ఎక్కువ చేసి చూపుతుందన్నది నిజమే. దిశ మాత్రం మారదు.

పన్ను సంగతి వేరు. మామూలు కంపెనీ విలువ కట్టేటప్పుడు వడ్డీ మీద దక్కే పన్ను ఆదాను రేటులోనే కలిపేస్తాం. విమానాశ్రయ ఫీజులో పన్ను విడి పద్దుగా వస్తుంది. అందుకే అథారిటీ సూత్రం వడ్డీని పన్నుకు ముందు లెక్కగానే తీసుకుంటుంది:

FRoR = g × Rd + (1 − g) × Re

మన అంకెలతో ఇది 11.65 శాతం. పైన వచ్చిన 10.57 చూపించి ‘ప్రయాణికుడి దగ్గర ఎక్కువ గుంజుతున్నారు’ అంటే తప్పు. వడ్డీ తీసేసి కట్టిన పన్నునే విడి పద్దులో వసూలు చేస్తే ఆ ఆదా ప్రయాణికుడికి అక్కడే చేరిపోయింది, రేటులోనూ కోస్తే రెండుసార్లు ఇచ్చినట్టు. 5,000 కోట్ల ఆస్తుల మీద ఆ తేడా ఏడాదికి సుమారు 54 కోట్లు.

అసలు అడగాల్సింది, ఆ పన్ను పద్దులో ఏ వడ్డీని మినహాయిస్తున్నారని. రేటుకు 48 శాతం ఊహా అప్పు, పన్నుకు నిజంగా ఉన్న 70 శాతం అప్పు వాడితే, అదనపు అప్పు రిస్కు వాటాదారులది, దాని పన్ను ఆదా మాత్రం ప్రయాణికులది అవుతుంది. నిజమైన అప్పు 30 శాతమే ఉంటే తిరగబడుతుంది: రేటులో లెక్కించిన వడ్డీలో కొంతదానికి పన్ను ఆదా లేనట్టే పన్ను వసూలవుతుంది. రెండుచోట్లా 48 ఉండాలన్నది నా వాదన. సంప్రదింపుల పత్రం బయటికొచ్చినప్పుడు ఫీజు పట్టికకన్నా ముందు పన్ను పట్టికలోని వడ్డీ వరుస చూడండి. దాన్ని ఆస్తుల విలువతో, వడ్డీ రేటుతో భాగిస్తే వాళ్లు ఏ నిష్పత్తి వాడారో అక్కడే తేలిపోతుంది.