ఐఎస్ఓకి భయపడకండి, ముందు షట్టర్ స్పీడ్ చూసుకోండి

మా తమ్ముడు ఈమధ్యే మొదటి కెమెరా కొన్నాడు, 18-55 కిట్ లెన్స్‌తో. ఓ సాయంత్రం లైట్లు వేసే వేళ పెందుర్తి జంక్షన్‌లో టీ మాస్టర్ టీ తిరగబోస్తుంటే ఫొటోలు తీశాడు. అన్నీ మసకే. "అన్నయ్యా, ఈ లెన్స్ బాలేదు, f/1.8 లెన్స్ కొనేస్తా" అన్నాడు.

ఫొటో జూమ్ చేసి చూశాను. మాస్టర్ ముందున్న గ్లాసులు, స్టవ్ షార్ప్‌గానే ఉన్నాయి. ఆయన చెయ్యి మాత్రమే సాగిపోయింది. కెమెరా వణికి ఉంటే ఫ్రేమ్ మొత్తం ఒకేవైపు సాగేది. ఫోకస్ తప్పి ఉంటే గ్లాసులకి బదులు వెనక గోడో, ఇంకేదో షార్ప్‌గా వచ్చేది. కాబట్టి లెన్స్ తప్పేం లేదు, షట్టరే నెమ్మది.

సెట్టింగ్స్ చూస్తే 1/30, f/5.6, ఐఎస్ఓ 800. "800 దాటితే ఫొటో పాడవుతుంది" అని ఎవరో చెప్పారట, అక్కడే లాక్ చేశాడు. నా దృష్టిలో కొత్తవాళ్లని ఎక్కువగా దెబ్బతీసే సలహా ఇదే.

కదిలే చేతిని ఆపాలంటే కనీసం 1/250 కావాలి. 1/30 నుంచి 1/60, 1/125, 1/250... మూడు మెట్లు. ఒక్కో మెట్టుకీ వెలుతురు సగం అవుతుంది. ఆ లోటు ఎక్కడో పూడ్చాలి. 55 దగ్గర ఈ లెన్స్ అపెర్చర్ f/5.6 కంటే తెరుచుకోదు. మిగిలింది ఐఎస్ఓ: 800 నుంచి 1600, 3200, 6400. లేదంటే జూమ్ తగ్గించి 18కి వచ్చి, రెండడుగులు దగ్గరికి జరగాలి. అక్కడ f/3.5 దొరుకుతుంది, ఐఎస్ఓ 3200 లోపే సరిపోతుంది.

మర్నాడు మేం అదే చేశాం. ఫొటోలో చుక్కలు వచ్చాయి, నిజమే. కానీ టీ ధార తెలిసింది, చెయ్యి నిలిచింది. చుక్కల్ని ఎడిటింగ్‌లో చాలావరకు తగ్గించొచ్చు. సాగిపోయిన చేతిని మాత్రం వెనక్కి తేలేం. స్టెబిలైజేషన్ ఉన్నా మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికని కాదు.

అందుకే కదిలే మనుషుల్ని తీసేటప్పుడు `S` లేదా `Tv` మోడ్‌లో 1/250 పెట్టి, ఐఎస్ఓని ఆటోలో 6400 వరకు వదిలేయండి. అయినా ఫొటో చీకటిగా వస్తే, షట్టర్ తగ్గించకుండా ఇంకాస్త లైటున్న చోటికి జరగండి.

ఐఎస్ఓ 100 పనికిరాదని కాదు. రాత్రి సింహాచలం గాలిగోపురం తీస్తున్నారనుకోండి, గోపురం కదలదు. ట్రైపాడ్ ఉంటే షట్టర్ ఎన్ని సెకన్లైనా తెరిచి ఉంచొచ్చు, 100 అక్కడ పెట్టండి.

తమ్ముడు లెన్స్ కొనలేదు. ముందు ఈ లెన్స్‌తోనే వంద టీలు తియ్యమన్నాను.